30 అడుగుదాం... 30 వస్తుందని మాత్రం నేను చెప్పను!

తెరమీద హీరో మొహం మీద వెన్నెల పడుతుంది. మీరు ఈలలేస్తారు. ఆ వెన్నెలను మోసుకొచ్చి స్టాండు కెక్కించినవాడు లైట్‌బాయ్. 2025 ఆగస్టు 4 నుంచి వాడు సెట్‌కి రాలేదు. వాడితోపాటు మేకప్, కాస్ట్యూమ్స్, డ్రైవర్లు, ప్రొడక్షన్ కుర్రాళ్లు కూడా రాలేదు. సినిమా కార్మికుల ఫెడరేషన్ కోరింది 30 శాతం పెంపు, ఏరోజు కూలి ఆరోజే చేతికి. ఒప్పుకున్న నిర్మాతకే పని చేస్తాం, లేకపోతే లేదు అన్నారు. అలా మొదలైంది గొడవ.

సమ్మె రెండువారాలు దాటిన రోజుల్లో ఒక యూనియన్ మీటింగ్‌లో వెనక బెంచీ మీద కూర్చుని విన్నాను. నాయకుడి పేరు రాయొద్దన్నాడు, రాయను. సినిమాల్లో కార్మిక నాయకులు బల్లగుద్ది మాట్లాడతారే, ఈయన మాత్రం జేబులోంచి కాగితం తీసి లెక్క మొదలెట్టాడు!

"తమ్ముళ్లూ, మీ అందరి కూలీలు వేరువేరు. లెక్క తేలిగ్గా ఉండటానికి కాల్షీటుకి 1,000 అనుకుందాం. 30 శాతమంటే 1,300 కావాలి. ఈ పదిహేను రోజుల్లో మీకు ఎనిమిది కాల్షీట్లు పడేవి. అంటే 8,000 పోయింది. పోలేదని ఎవడైనా అంటే వాడు మన వాడు కాదు."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

"రేపు 15 శాతమే వచ్చిందనుకోండి. కాల్షీటుకి 150 ఎక్కువ. పోయిన 8,000 తిరిగి రావడానికి 54 కాల్షీట్లు చెయ్యాలి. నెలకి పన్నెండు పడితే నాలుగున్నర నెలలు. ఆ తర్వాత వచ్చేదంతా లాభం. అందుకని సమ్మె దండగ కాలేదు. మరి 30 కోసం ఇంకో వారం ఆగుదామా? వారానికి నాలుగు కాల్షీట్లు, కొత్త రేటున 4,600 వదులుకోవాలి. 30 వస్తే 31 కాల్షీట్లలో రాబట్టుకుంటాం. వస్తే! రాకపోతే ఆ 4,600 కూడా సమ్మె ఖాతాలోకే."

"అంటే లొంగిపొమ్మంటావా అన్నా?" అని ఒక కుర్రాడు లేచాడు. చొక్కా మీద ఇంకా సెట్ పెయింట్ మరకలున్నాయి.

"కూర్చో తమ్ముడూ, చెబుతా. మన బలం ఎక్కడుంది? సెట్ వేసుకుని, హీరో డేట్లు చేతిలో పెట్టుకుని ఆగిపోయిన నిర్మాత దగ్గరుంది. సెట్ అద్దె వాడికి రోజూ పెరుగుతుంది. ఆ హీరో డేట్లు దాటిపోతే మళ్లీ ఎప్పటికో. వాడు త్వరగా దిగుతాడు. ఇంకా కథ రాయించుకుంటున్న నిర్మాత ఉన్నాడే, వాడు ఎన్నాళ్లయినా ఆగుతాడు. వాణ్ణి మనం నొప్పించలేం. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని మనతో బేరమాడుతున్నారు. మొదటివాడి తొందర ఉన్నంతలోనే మనం తేల్చుకోవాలి."

నాకీ మాట బాగా నచ్చింది. బయట కబుర్లలో నిర్మాతలంటే ఒకే మనిషి, కార్మికులంటే ఒకే మనిషి. ఈయన ఇద్దర్నీ విడదీసి చూపించాడు. తనవాళ్లను కూడా విడదీశాడు.

"నిర్మాతలు శ్లాబుల మాట తెచ్చారు. తక్కువ కూలి వాడికి ఎక్కువ శాతం, ఎక్కువ కూలి వాడికి తక్కువ శాతం అట. దాన్ని మనం తోసిపుచ్చాం. కానీ చివరికి అలాంటిదే ఏదో వస్తుంది. అందరికీ ఒకటే శాతం తెస్తానని నేను మాటివ్వను. కింది వాడికి మొదటి ఏడే పెద్ద పెంపు ఉండాలి, మూడో ఏడు ఇస్తామంటే కుదరదు. దీనిమీద మాత్రం నేను వెనక్కి తగ్గను. ఇప్పుడు వచ్చిన రూపాయి మూడేళ్లూ వస్తుంది. మూడో ఏడు వచ్చింది ఒక్క ఏడే వస్తుంది."

చప్పట్లు మోగలేదు. అందరూ వేళ్ల మీద లెక్కలు వేసుకుంటున్నారు.

ఆగస్టు 21న ఒప్పందం కుదిరింది. కార్మిక శాఖ కమిషనర్ మధ్యవర్తిగా కూర్చున్నారు. మూడేళ్లలో రోజుకూలి 2,000 లోపు వాళ్లకి మొదటి ఏడు 15, రెండో ఏడు రెండున్నర, మూడో ఏడు 5 శాతం. మొత్తం 22.5. 2,000 నుంచి 5,000 మధ్య ఉన్నవాళ్లకి మొదటి ఏడు ఏడున్నర, ఆపైన 5, మళ్లీ 5. అంటే ఆయన చెప్పిన వెయ్యి రూపాయల మనిషికి మర్నాటినుంచి 1,150. పాత కూలి మీదే లెక్కేసినా మూడో ఏటికి 1,225. అడిగిన 1,300కి 75 తక్కువ. పై శ్లాబు వాళ్లు గొణిగారంటే తప్పు పట్టలేం. వాళ్లకి మొత్తం వచ్చింది పదిహేడున్నరే కదా!

ఆ మీటింగ్ ముగిసే ముందు ఆయన ఇంకొకటి చెప్పాడు. "కాగితం మీద పెరిగింది వోచర్ మీద పెరగాలి. ప్యాకప్ కాగానే బస్సు అందదని హడావుడిగా సంతకం పెట్టేస్తారు మీరు. పాత రేటు రాసి ఉంటే పెట్టకండి. పక్కవాడికి చూపించండి, నాకు ఫోన్ చెయ్యండి. ఆ రాత్రి అడగనిది వారం తర్వాత అడిగితే, సంతకం నీదే కదా అంటారు."