పోస్టు డబ్బాలో పడిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చా?

లా చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, బి.కాం.లో బిజినెస్ లా పేపరు రాసేవాళ్లకూ తప్పక తగిలే ప్రశ్న ఒకటుంది. ఒకాయన ఉత్తరం రాసి తన వస్తువు అమ్ముతానంటాడు. రెండో ఆయన సరేనని ఉత్తరం పోస్టు చేస్తాడు. తర్వాత మనసు మారి, ఉత్తరం చేరకముందే టెలిగ్రాం ఇస్తాడు. కాంట్రాక్టు ఉందా, లేదా?

మనవాళ్లలో ఎక్కువమంది రాసే జవాబు ఇలా ఉంటుంది: "ఉత్తరం పోస్టు చేయగానే అంగీకారం పూర్తయింది, కనుక వెనక్కి తీసుకోలేడు." చూడటానికి బాగానే ఉంటుంది, పక్కన ఒక ఇంగ్లీషు కేసు పేరు కూడా ఉంటుంది. కానీ అది ఇంగ్లండు జవాబు. మన 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ జవాబు వేరు. ఆ తేడా ఎక్కడుందో పట్టుకుంటే ఈ చాప్టరు సగం వచ్చినట్టే.

ముందు ఇంగ్లండు సంగతి చూద్దాం. 1817 సెప్టెంబరు 2న లిండ్సెల్ అనే ఉన్ని వ్యాపారి, ఆడమ్స్ అనే ఉన్నిబట్టల తయారీదారుకు ఉన్ని అమ్ముతానని, తిరుగు టపాలో జవాబివ్వమని ఉత్తరం రాశాడు. చిరునామాలో జిల్లా పేరు తప్పు పడింది. ఉత్తరం ఎక్కడెక్కడో తిరిగి 5వ తేదీ సాయంత్రం ఏడు గంటలకు చేరింది. ఆడమ్స్ ఆ సాయంత్రమే సరేనని జవాబు పోస్టు చేశాడు. అది 9న చేరింది. లిండ్సెల్ లెక్క ప్రకారం జవాబు 7వ తేదీకి రావాలి. రాకపోయేసరికి 8న ఉన్ని ఇంకొకరికి అమ్మేశాడు. 1818లో కోర్టు ఆడమ్స్ పక్షాన తీర్పు చెప్పింది. జవాబు చేరేదాకా ఒప్పందం లేదంటే, ఆ జవాబు చేరినట్టు ఇటునుంచి మరో కబురు, అది అందినట్టు అటునుంచి ఇంకో కబురు, ఇలా ఎప్పటికీ తెగదన్నది కోర్టు చెప్పిన కారణం. పోస్టల్ రూల్ అనేది ఇక్కడ పుట్టింది. అంగీకారం పోస్టు చేసిన క్షణంలోనే ఒప్పందం ఏర్పడుతుంది, ఇద్దరూ కట్టుబడిపోతారు.

మన చట్టం రాసినవాళ్లకు ఈ సూత్రం తెలుసు. తెలిసే దాన్ని రెండు ముక్కలు చేశారు. 4వ సెక్షను ప్రకారం అంగీకారం ఒకే క్షణంలో పూర్తి కాదు, రెండుసార్లు పూర్తవుతుంది. ఉత్తరం అంగీకరించినవాడి చేయి దాటి, అవతలివాడికి చేరే దారిలో పడగానే ప్రతిపాదించినవాడు కట్టుబడతాడు. అంగీకరించినవాడు మాత్రం, అది ప్రతిపాదించినవాడికి తెలిసినప్పుడే కట్టుబడతాడు. ఈ రెండు క్షణాల మధ్య ఒకడికి సంకెళ్లు పడ్డాయి, రెండోవాడు ఇంకా స్వేచ్ఛగా ఉన్నాడు. 5వ సెక్షను ఆ స్వేచ్ఛనే మాటల్లో పెట్టింది: అంగీకరించినవాడి మీద అంగీకారం పూర్తయ్యేలోగా ఎప్పుడైనా దాన్ని వెనక్కి తీసుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు.

ఒక లెక్క చేసి చూద్దాం. 2005 జూన్ అనుకోండి, అప్పటికి టెలిగ్రాం ఇంకా ఉంది. కర్నూలు ఆసామి తన పాత ఆయిల్ ఇంజను పన్నెండు వేలకు ఇస్తానని ఒంగోలు ఆసామికి జూన్ 1న ఉత్తరం వేశాడు. అది 4న చేరింది, ఒంగోలు ఆసామి చదివాడు. ప్రతిపాదన అతనికి తెలిసింది కాబట్టి అది 4న పూర్తయింది. 5వ తేదీ ఉదయం పది గంటలకు ఒంగోలు ఆసామి "తీసుకుంటాను" అని జవాబు పోస్టు చేశాడు. 6న పక్క ఊళ్లో ఇంకా చవగ్గా ఇంజను దొరికింది. 7వ తేదీ ఉదయం "నా ఉత్తరం రద్దు" అని టెలిగ్రాం కొట్టాడు. అది ఆ సాయంత్రం నాలుగింటికి కర్నూలులో అందింది. ఉత్తరం 8న అందింది.

5వ తేదీ పది గంటలకు కర్నూలు ఆసామి కట్టుబడిపోయాడు. ఆ తర్వాత అతనికి పదిహేను వేలిచ్చే బేరం వచ్చినా తప్పుకోవడానికి లేదు. ఒంగోలు ఆసామి మాత్రం 8న ఉత్తరం చేరితేనే కట్టుబడతాడు. టెలిగ్రాం 7నే చేరింది. కాబట్టి కాంట్రాక్టు లేదు. ఇదే సంగతిని ఇంగ్లండు పోస్టల్ రూల్‌తో గట్టిగా కొలిస్తే 5వ తేదీనే కాంట్రాక్టు అయిపోయింది, టెలిగ్రాం వృథా. ఒకే తేదీలకు జవాబు తలకిందులైంది. పేపరు దిద్దేవాళ్లు వెతికేది ఈ ఒక్క తేడా కోసమే.

ఇప్పుడు తేదీలు కాస్త కదిపి చూద్దాం. ప్రశ్నపత్రం వాళ్లు చేసేదీ అదే.

కర్నూలు ఆసామికే మనసు మారి, 4వ తేదీన "అమ్మను" అని ఇంకో ఉత్తరం వేశాడనుకోండి. అది ఒంగోలుకు 7న చేరింది. ఒంగోలు ఆసామి అంగీకారం పోస్టు చేసింది 5న. చాలామంది ఇక్కడ 4, 5 తేదీలను పోల్చి, ముందుగా వెనక్కి తీసుకున్నాడు కాబట్టి చెల్లుతుందని రాసేస్తారు. పోల్చాల్సింది 7ను, 5ను. ప్రతిపాదన వెనక్కి తీసుకున్న కబురు పంపినవాడి వరకు పంపగానే పూర్తయినా, అవతలివాడి మీద పనిచేసేది అతనికి తెలిసినప్పుడే. ఈలోగా అతను అంగీకారం పోస్టు చేసేశాడు. ఇంజను అమ్మాల్సిందే. ఈ విషయంలో ఇంగ్లండు కూడా మనతోనే ఉంది. 1880 నాటి బిర్న్ వర్సెస్ వాన్ టీన్‌హోవెన్ కేసులో కార్డిఫ్ నుంచి న్యూయార్కుకు అక్టోబరు 1న ప్రతిపాదన వెళ్లింది, 8న దాన్ని రద్దు చేస్తూ ఉత్తరం వెళ్లింది. రద్దు ఉత్తరం 20న చేరింది. న్యూయార్కు వాళ్లు 11వ తేదీనే టెలిగ్రాంతో అంగీకరించారు. రద్దు చెల్లలేదు. గమనించారా, పోస్టల్ రూల్ అంగీకారానికే వర్తిస్తుంది, ఉపసంహరణకు వర్తించదు.

రద్దు టెలిగ్రాం, అంగీకార ఉత్తరం ఒకేసారి చేరితే? మన 5వ సెక్షను కింద ఉన్న ఉదాహరణలోనే జవాబుంది. ఉత్తరం చేరేలోగా గానీ, చేరే ఆ క్షణంలో గానీ వెనక్కి తీసుకోవచ్చని అక్కడ స్పష్టంగా ఉంది. రెండూ ఒకే పోస్ట్‌మ్యాన్ సంచిలో వచ్చి బల్ల మీద పక్కపక్కన పడితే ఉపసంహరణ చెల్లుతుందన్నమాట. ముందు ఏ కవరు చింపాడు అని కొన్ని పుస్తకాలు చర్చ పెడతాయి. ఒకేసారి చేరాయని ప్రశ్నలో ఉంటే సెక్షను మాట పట్టుకోవడమే క్షేమం.

ఇక ఉత్తరం అసలు చేరనే లేదనుకోండి. నాకు ఈ చాప్టరులో అన్నిటికంటే వింతగా అనిపించేది ఇదే. ఇంగ్లండులో 1879 నాటి హౌస్‌హోల్డ్ ఫైర్ ఇన్సూరెన్స్ కంపెనీ వర్సెస్ గ్రాంట్ కేసులో షేర్లు కేటాయించినట్టు కంపెనీ వేసిన ఉత్తరం గ్రాంటుకు చేరనేలేదు, అయినా అతను వాటాదారుడే అన్నారు. మన సెక్షను ప్రకారం చూసినా, ప్రతిపాదించిన కర్నూలు ఆసామి కట్టుబడే ఉంటాడు, తనకు తెలియని ఒప్పందానికి! ఒంగోలు ఆసామి అంగీకారం మాత్రం ఎన్నటికీ "తెలియలేదు" కాబట్టి అతను కట్టుబడినట్టు కాదు. ఈ ప్రమాదం వద్దనుకునేవాడు ప్రతిపాదనలోనే "మీ జవాబు ఫలానా తేదీలోగా నా చేతికి అందాలి" అని ఒక్క ముక్క రాసుకుంటే సరిపోతుంది. అలాగే, అంగీకరించినవాడు తన తప్పుతో చిరునామా తప్పు రాస్తే, ఆ ఉత్తరం అవతలివాడికి చేరే దారిలో పడినట్టు కాదు. పోస్టల్ రూల్ అతన్ని కాపాడదు.

టెలిఫోను దగ్గరకొస్తే ఈ రెండు క్షణాల ఆట ఆగిపోతుంది. 1965లో మన సుప్రీంకోర్టు భగవాన్‌దాస్ గోవర్ధన్‌దాస్ కేడియా కేసులో, అహ్మదాబాదు నుంచి ఫోనులో చేసిన ప్రతిపాదనకు ఖాంగావ్ నుంచి ఫోనులోనే అంగీకారం వస్తే, అది వినిపించిన అహ్మదాబాదులోనే కాంట్రాక్టు ఏర్పడిందని మెజారిటీ తీర్పు చెప్పింది. జస్టిస్ హిదయతుల్లా ఒప్పుకోలేదు. 4వ సెక్షను మాటల ప్రకారం, అంగీకారం పలికిన చోటే అది పలికినవాడి చేయి దాటిందని ఆయన వాదం. భిన్నాభిప్రాయమైనా ఒకసారి చదవండి, సెక్షను ఎలా చదవాలో తెలుస్తుంది.

టెలిగ్రాం 2013 జూలైలో మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు మనవాళ్లకు నిజంగా అవసరమయ్యేది ఈమెయిల్. ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామని మెయిల్ పంపి, ఫలానా హెచ్.ఆర్. ఐడీకి జవాబివ్వమంది. మన చెల్లెలు రాత్రి పది గంటలకు "చేరతాను" అని పంపింది. తెల్లారి ఎనిమిదింటికి ఇంటి దగ్గర మంచి ఉద్యోగం ఖాయమై, "రాలేను" అని ఇంకో మెయిల్ పంపింది. హెచ్.ఆర్. ఆఫీసుకొచ్చి తొమ్మిదిన్నరకు రెండూ తెరిచాడు.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షను ప్రకారం, మెయిల్ పంపినవాళ్ల అదుపు దాటి మరో కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్లగానే పంపినట్టు. అవతలివాళ్లు ఫలానా ఐడీకే పంపమని చెప్పి ఉంటే, అందులోకి చేరగానే అందినట్టు. తెరిచారా లేదా అన్నది ప్రశ్న కాదు. ఈ లెక్కన రాత్రి పదింటికే అంగీకారం అందింది, పొద్దుటి మెయిల్ ఆలస్యం. కానీ కాంట్రాక్ట్ యాక్టు 4వ సెక్షనులో ఉన్న మాట "అందడం" కాదు, "తెలియడం". అది పట్టుకుంటే తొమ్మిదిన్నరకు రెండూ ఒకేసారి తెలిశాయి, ఉపసంహరణ చెల్లాలి. పరీక్షలో రెండు వాదనలూ రాసి, నాకైతే మొదటిదే బలంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఉత్తరం విషయంలోనూ 4వ సెక్షను ఉదాహరణ "అందినప్పుడు" అనే అంటుంది. అందుకే మెయిల్‌లో వెనక్కి తీసుకునే వ్యవధి, ఉత్తరంలో ఉన్నట్టు మూడు రోజులు కాదు, కొన్ని సెకన్లే. జీమెయిల్‌లో "అన్‌డూ" నొక్కడానికి మహా అయితే ముప్పై సెకన్లుంటాయి. ఆ వ్యవధిలో మెయిల్ ఇంకా మన అదుపులోనే ఉంటుంది కనుక, ఆపితే అది ఉపసంహరణ కాదు, అసలు పంపనట్టే.

అంత మాత్రాన ఆ చెల్లెల్ని బలవంతంగా పనిలో చేర్చుకోమని ఏ కోర్టూ చెప్పదు. ఏదైనా ఉంటే నష్టపరిహారం గురించే మాట. ఒకవేళ ఆమె కంపెనీ చెప్పిన ఐడీకి కాకుండా అదే కంపెనీ వాళ్ల వేరే ఐడీకి అంగీకారం పంపి ఉంటే, అదే 13వ సెక్షను ప్రకారం వాళ్లు దాన్ని తెరిచి తీసుకున్నప్పుడే అందినట్టు. అప్పుడు ఆమెకు తొమ్మిదిన్నర దాకా సమయం ఉన్నట్టే.