ఆ అమ్మాయి గురించి నేను కార్డులు తీయను

హైదరాబాదులో టారో కార్డులు చూస్తాను. ఒక రోజు పొద్దున్నే ఫోన్‌లో ఒక అమ్మాయి ఫొటో, ఆమె పూర్తి పేరు, పుట్టిన తేదీ వచ్చాయి. పంపింది ఒక తల్లి. "మా అబ్బాయికి చూస్తున్న పిల్ల. ఇంతకుముందు ఎవరితోనైనా ప్రేమా గీమా ఉందేమో చూసి చెప్పండి, తాంబూలాలు ఇచ్చుకునేలోపు తెలియాలి" అని రాశారు. ఫీజు కూడా ముందే వేసేశారు. సాయంత్రం ఆమెకు ఇలా జవాబు రాశాను.

"అమ్మా, నమస్తే. మీరు పంపిన పదిహేను వందలు తిరిగి వేశాను. ఫొటో, వివరాలు నా ఫోన్‌లోంచి తీసేశాను. ఆ అమ్మాయి నన్ను అడగలేదు, మీరు అడుగుతున్నట్టు కూడా ఆమెకు తెలియదు. ఆమె అనుమతి లేకుండా ఆమె గతం మీద నేను కార్డులు తీయను. మీ భయం ఊరికే పుట్టి ఉండదని తెలుసు. ఆ భయం గురించి అడగాలనిపిస్తే రండి, తప్పకుండా కూర్చుంటాను."

ఇందులో మర్యాద ఒక్కటే లేదు, కార్డులు పనిచేసే తీరు కూడా ఉంది. మేము ఎక్కువగా వాడే పేక 1909లో లండన్‌లో అచ్చయినది. ఆర్థర్ వెయిట్ చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీశారు. మొత్తం 78 కార్డులు. అడిగేవారు ప్రశ్న మనసులో పెట్టుకుని కార్డులు కలుపుతారు, నేను పది తీసి వరసగా పరుస్తాను. ఈ అమరికను సెల్టిక్ క్రాస్ అంటారు. ఒక్కో స్థానానికి ఒక్కో అర్థం. ఎనిమిదోది అడిగినవారి చుట్టూ ఉన్న మనుషులది. కాబట్టి ఇతరులు కార్డుల్లోకి రాకుండా పోరు. అయితే అక్కడ కనిపించేది అడిగినవారి కంటికి వాళ్లు ఎలా ఉన్నారన్నదే. వాళ్ల మనసులో ఏముందన్నది కాదు.

సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్ అనే కార్డునే తీసుకోండి. గుడారాల దగ్గర ఒక మనిషి మునివేళ్ల మీద నడుస్తూ, ఐదు కత్తులు చేతుల్లో పట్టుకుని వెనక్కి చూస్తుంటాడు. రెండు కత్తులు నేలలో గుచ్చి ఉన్నాయి. దొంగతనం అనుకోవచ్చు, ఒంటరిగా బయటపడుతున్నాడనుకోవచ్చు, పని సగంలో వదిలేశాడనుకోవచ్చు. అడిగిన మనిషి ఎదురుగా ఉంటే "దీన్ని చూస్తే మీకేం గుర్తొస్తోంది?" అంటాను, ఆమె మాటతో అర్థం తేలుతుంది. ఆ అమ్మాయి ఎదురుగా లేదు. బొమ్మలో ఏం ఉండాలో తల్లి భయమే నిర్ణయిస్తుంది.

ఒకసారి లెక్క కట్టి చూశాను. రహస్యం, మోసం, మోహం, గుండెకోత అని చదవడానికి వీలున్నవి ఐదు అనుకుందాం: సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, మూన్, డెవిల్, హై ప్రీస్టెస్. 78లోంచి పది తీస్తే వీటిలో ఒక్కటైనా వచ్చే అవకాశం దాదాపు సగం. అంటే ఏ తప్పూ ఎరగని ఇద్దరు పిల్లల గురించి అడిగితే, సగటున ఒకరి మీద అనుమానం పడుతుంది. కాదని చెప్పుకోవడానికి ఆ పిల్లకు అవకాశం కూడా ఉండదు. సంబంధం ఎందుకు తప్పిపోయిందో ఆ ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పరు.

ఇది నాకు మొదట్లో తెలియదు. ఒక స్నేహితురాలు భర్త గురించి అడిగితే తీశాను. ఇదే సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది, "ఏదో దాస్తున్నాడు" అన్నాను. ఆ రాత్రి వాళ్లింట్లో పెద్ద గొడవ. ఆయన ఏమైనా దాచాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె నా మాటనే పట్టుకుని నిలదీసిందని మాత్రం తెలుసు. ఆయన తరవాత ఎప్పుడూ నాతో మాట్లాడలేదు.

గీత ఎక్కడ గీయాలో ప్రతిసారీ సులువుగా తేలదు. "మా తమ్ముడికి అప్పు ఇవ్వనా?" అంటే తీస్తాను, డబ్బు ఆమెది, నిర్ణయం ఆమెది. "తమ్ముడు ఆ డబ్బు ఎక్కడ తగలేస్తున్నాడు?" అంటే తీయను. భార్యాభర్తలు కలిసి వచ్చి ఒకరి ఎదుట ఒకరు అడిగితే అభ్యంతరం లేదు. అందుకే చాలాసార్లు వద్దనడానికి ముందు ప్రశ్ననే తిప్పి చూస్తాను. "ఆమెకు ఎవరైనా ఉన్నారా?" అన్నది "ఈ సంబంధంలో నన్ను కలవరపెడుతున్నది ఏమిటి, దాన్ని ఎవరితో ఎలా మాట్లాడాలి?" అవుతుంది.

ఆ తల్లి మూడో రోజు ఫోన్ చేశారు. మొదట కోపంగానే మాట్లాడారు. కాసేపటికి గొంతు తగ్గింది. పెద్దకొడుకు పెళ్లైన ఏడాదికే విడిపోయాడట, ముందే కనుక్కోలేదని అందరూ తననే అన్నారట. "ఈసారి కూడా నా వల్లే అవుతుందేమోనని భయమండీ" అన్నారు. శనివారం రమ్మన్నాను.