కొత్త లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి మారాక వెనక్కి వచ్చే దారి

కంపెనీ లెక్కల సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు యజమానులు ముందుగా అడిగేది ‘పాత డేటా అంతా వస్తుందా?’ అని. కాస్త ఓపిక ఉంటే వస్తుంది. వాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది, అసలు కష్టం అక్కడే. కొత్తదాంట్లో బిల్లులు కొట్టడం మొదలుపెట్టాక అది మొరాయిస్తే, పాతదానికి ఎలా వెళ్తాం? ఏ రోజు దాకా వెళ్లగలం?

పాతది ఆపి కొత్తది మొదలుపెట్టే ఆ రెండు మూడు రోజుల పనిని ఈ రంగంలో కటోవర్ అంటారు. కొత్తదాంట్లో మొదటి నిజమైన బిల్లు పడటం గో-లైవ్. కుదరక పాతదానికి తిరిగి రావడం రోల్‌బ్యాక్. ఈ మూడూ ఎలా జరుగుతాయో చూడటానికి ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. విజయవాడలో పైపులు, కుళాయిలు, ఫిట్టింగులు హోల్‌సేల్‌గా అమ్మే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఏడాదికి సుమారు 40 కోట్ల వ్యాపారం, రోజుకు 60 బిల్లులు, అకౌంట్స్ విభాగంలో ఐదుగురు. చాలా ఏళ్లుగా టాలీలో ఉన్న లెక్కలు ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈఆర్‌పీలోకి మారాలి.

ఏప్రిల్ 1 ఎంచుకోవడంలో లాభం ఉంది. మార్చి 31తో అమ్మకాలు, ఖర్చుల ఖాతాలు ముగుస్తాయి కాబట్టి ఆస్తులు, అప్పులు, బాకీలు, సరుకు మాత్రమే కొత్తదాంట్లోకి తీసుకెళ్తే చాలు. పైగా ఏప్రిల్ 1న బ్యాంకులు వార్షిక లెక్కల్లో ఉండి ఖాతాదారుల పని చూడవు. నష్టం కూడా ఉంది. అకౌంట్స్ వాళ్లు ఏడాదిలో ఎక్కువగా అలసిపోయే వారం అదే. అందుకే మార్చి చివరి వారంలో కొత్తగా చేయాల్సిన పని ఏదీ మిగలకూడదు. ఆ వారం జరిగేదంతా అప్పటికే రెండుసార్లు చేసి చూసిన పని అయి ఉండాలి.

చేసి చూడటం అంటే ఉత్తుత్తి కటోవర్. జనవరి 31 నిల్వలను కొత్త సాఫ్ట్‌వేర్ నకలులోకి ఎక్కించి, ఏ మెట్టుకు ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. తర్వాత ఫిబ్రవరి బిల్లులన్నీ అందులో కొట్టి, ఆ నెల జీఎస్టీఆర్-1లో వేసిన మొత్తాలతో పోల్చాలి. కొందరు కన్సల్టెంట్లు రెండు సాఫ్ట్‌వేర్లనూ నెల రోజులు పక్కపక్కన నడపమంటారు. ఐదుగురున్న విభాగం రోజుకు 60 బిల్లులు రెండుచోట్లా కొట్టలేదు. మూడో రోజుకు ఒకటి వెనకబడుతుంది, ఆపైన రెండిటినీ నమ్మలేం. ముందే ఒక నెలంతా మళ్లీ కొట్టి చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

అంకెలు కుదిరితే చాలనుకోవడమూ ప్రమాదమే. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తన ఖాతాదారులను కొత్త వ్యవస్థలోకి మార్చింది. డేటా సవ్యంగానే చేరింది కానీ ఆ వ్యవస్థ వెంటనే తడబడింది. లక్షలమందికి ఇబ్బంది కలిగింది. 2022 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. మన పైపుల కంపెనీకి ఆ స్థాయి లేకపోయినా ఒక పరీక్ష తప్పదు. ముగ్గురు ఒకేసారి బిల్లులు కొడుతూ, ఈ-ఇన్‌వాయిస్ పంపుతూ, గోడౌన్‌లో ప్రింటు తీస్తూ ఒక పూట గడపాలి.

ఇక అసలు రోజు. మార్చి 31 సాయంత్రం 5 గంటలకు టాలీలో చివరి బిల్లు. ఆ తర్వాత గోడౌన్ గేటు దాటి ఏ సరుకూ బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. ట్రయల్ బ్యాలెన్స్, బిల్లు వారీ బాకీల జాబితా, సరుకు నిల్వల జాబితా ఎగుమతి చేసి, బ్యాకప్ రెండుచోట్ల భద్రపరచాలి. ఒకదాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. టాలీలో ఒక్క సీనియర్ అకౌంటెంట్‌కు తప్ప మిగతావాళ్లకు చూసే హక్కే ఉంచాలి. ఏప్రిల్ 1 ఉదయం సరుకు చేత్తో లెక్కపెట్టాలి. కొత్తదాంట్లో ఎక్కేది ఈ లెక్కే. కాగితం మీది నిల్వతో తేడా వస్తే ఆ పద్దు మార్చి 31 తేదీతో టాలీలోనే పడాలి, ఆ మేరకు ట్రయల్ బ్యాలెన్స్, నిల్వల జాబితా, బ్యాకప్ మళ్లీ తీసుకోవాలి.

నిల్వలు ఎక్కించేటప్పుడు కస్టమర్ బాకీని ఒక్క మొత్తంగా వేయాలన్న తొందర కలుగుతుంది. ఒక షాపు 2,40,000 ఇవ్వాలంటే ఒకే పద్దు వేసేస్తే అంకె కుదురుతుంది. కానీ రేపు ఆ షాపు 35,500 కట్టినప్పుడు అది ఏ బిల్లుకు చెందిందో తెలియదు. ఏ బాకీ గడువు దాటిందో అంతకన్నా తెలియదు. అందుకని ప్రతి బిల్లూ దాని పాత నంబరుతో, పాత తేదీతో, మిగిలిన బాకీతో విడివిడిగా రావాలి. మన కంపెనీలో అలాంటివి 1,900 ఉన్నాయనుకుందాం. సరఫరాదారుల బిల్లులు, బ్యాంకులో ఇంకా పాస్ కాని చెక్కులు కూడా ఇలాగే.

ఎక్కించేటప్పుడు ప్రతి పద్దుకూ ఎదురు పద్దుగా ఒక తాత్కాలిక ఖాతా ఉంటుంది. ఆస్తులు, అప్పులు, మూలధనం అన్నీ ఎక్కాక ఆ ఖాతా సున్నాకు రావాలి. ఒక్క రూపాయి మిగిలినా ఏదో తప్పిపోయినట్టే. ఉత్తుత్తి కటోవర్‌లో సాధారణంగా కనిపించే చిక్కు ఒకటి చూద్దాం. టాలీలో కస్టమర్ల బాకీ 4,12,60,000. కొత్తదాంట్లో 4,20,20,000. తాత్కాలిక ఖాతాలోనూ అదే తేడా, 7,60,000. ఆ అంకెకు సరిపోయే బిల్లు ఏదీ దొరకదు. అనుభవమున్న అకౌంటెంట్ వెంటనే దాన్ని రెండుతో భాగించి 3,80,000 కోసం వెతుకుతారు. ఒక కాంట్రాక్టర్ ముందుగా కట్టిన అడ్వాన్స్ అంతే ఉంటుంది. జమలో ఉండాల్సిన ఆ డబ్బు బాకీగా ఎక్కింది. ఒకవైపు ఉండాల్సింది రెండోవైపు పడితే తేడా రెట్టింపవుతుంది. ఇది దొరికాక ఆ ఒక్క పద్దు దిద్ది ఊరుకోకుండా, అడ్వాన్సులన్నిటినీ వేరే జాబితాగా తీసి ఎక్కించేలా పద్ధతినే మార్చుకోవాలి.

ఏప్రిల్ 1 రాత్రి 7 గంటలకు నిర్ణయం. తాత్కాలిక ఖాతా సున్నాకు వచ్చిందా, బాకీలు, సరుకు, బ్యాంకు నిల్వ కుదిరాయా, ఒక పరీక్ష బిల్లు నకలులో సరిగ్గా పడిందా అని చూసి, ఒక్క మనిషి ‘సరే’ లేదా ‘వద్దు’ అనాలి. ఆ మనిషి సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు కాకూడదు. ఇక్కడ ‘వద్దు’ అంటే పెద్ద నష్టం లేదు. కంపెనీ బయటికి ఏ కాగితమూ పోలేదు కాబట్టి మర్నాడు టాలీలోనే బిల్లు కొడతారు. వెనక్కి వచ్చే దారుల్లో తేలికైనది ఇదే.

ఏప్రిల్ 2 ఉదయం మొదటి బిల్లు పడ్డాక పరిస్థితి మారుతుంది. బ్యాకప్ ఎక్కించుకుంటే వెనక్కి వచ్చినట్టే అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. బ్యాకప్ కంప్యూటర్‌ను మార్చి 31కి తీసుకెళ్తుంది. కానీ ఆ రోజు వెళ్లిన సరుకు షాపుల్లో ఉంది, బిల్లు వాళ్ల చేతిలో ఉంది, ఈ-ఇన్‌వాయిస్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉంది. అందుచేత గో-లైవ్ తర్వాత రోల్‌బ్యాక్ అంటే ఆ రోజుల్లో జరిగినదంతా పాతదాంట్లో మళ్లీ రాయడం.

దీనికి ముందే చేయాల్సింది బిల్లు నంబర్ల వరుసలు విడదీయడం. కొత్తదాంట్లో బిల్లులు N/0001 నుంచి నడుస్తాయి. వెనక్కి రావాల్సి వస్తే టాలీలో T/0001 నుంచి మొదలవుతాయి. జీఎస్టీ నిబంధన ప్రకారం నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. ఒకటి కంటే ఎక్కువ వరుసలు ఉండొచ్చు. వెనక్కి వచ్చిన రోజు టాలీలో N బిల్లుల కోసం ఒక వేరే వోచర్ రకం తెరిచి, నంబరు చేత్తో వేసే విధానం పెట్టి, దానికి ఈ-ఇన్‌వాయిస్ పంపే సదుపాయం ఆపేయాలి. ప్రతి బిల్లునూ అదే నంబరు, అదే తేదీ, అప్పటికే వచ్చిన ఐఆర్‌ఎన్‌తో రాయాలి. అమ్మకందారు జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు, ఈ నాలుగిటి నుంచే ఐఆర్‌ఎన్ పుడుతుంది కాబట్టి అదే బిల్లును మళ్లీ పంపితే పోర్టల్ తిప్పికొడుతుంది. కంగారులో T నంబరుతో పంపితే మాత్రం తీసుకుంటుంది, అప్పుడు ఒకే అమ్మకానికి రెండుసార్లు పన్ను లెక్కలోకి వస్తుంది. పోర్టల్‌లో రద్దు చేయడానికి 24 గంటలే గడువు. సరుకు చేరిపోయిన బిల్లును రద్దు చేయాల్సిన పని కూడా లేదు.

బిల్లుల తర్వాత వసూళ్లు. వాటిని కొత్త సాఫ్ట్‌వేర్ నుంచి కాకుండా బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి రాయడం మంచిది. చివరగా ఎక్కువగా కదిలే ఇరవై రకాల సరుకు గోడౌన్‌లో లెక్కపెట్టి టాలీ నిల్వతో పోల్చాలి. ఈ పని తేలిగ్గా ఉండాలంటే సరఫరాదారులకు ఇవ్వాల్సినవి మార్చి 31లోపే చెల్లించి, మొదటి మూడు రోజులు చెల్లింపులు ఆపుకోవాలి.

గడువు లెక్క ఇలా వస్తుంది. ఒక బిల్లు మళ్లీ రాసి సరిచూడటానికి 5 నిమిషాలు. రెండు రోజుల 120 బిల్లులకు 10 గంటలు, ఇద్దరు కూర్చుంటే ఒక పూట. వారం గడిస్తే బిల్లులు 360 దాటుతాయి, మధ్యలో వాపసులు, వసూళ్ల సర్దుబాట్లు వచ్చి కలుస్తాయి. అందుకే మన కంపెనీ ఏప్రిల్ 4 సాయంత్రం 6 గంటలను గడువుగా పెట్టుకుంది. ఆ తర్వాత ఎంత ఇబ్బంది వచ్చినా కొత్తదాంట్లోనే సరిదిద్దుకోవాలి.

వెనక్కి వెళ్లడానికి కారణాలేవో కూడా ముందే కాగితం మీద ఉండాలి. వరసగా రెండు గంటలు బిల్లు కొట్టలేకపోవడం ఒకటి. పన్ను తప్పుగా పడుతూ ఆ రోజే సరిచేయలేకపోవడం ఇంకొకటి. సరుకు ఉన్నా లేదని చూపుతూ బిల్లులు ఆగిపోవడం మరొకటి. రిపోర్టు అలవాటైన రూపంలో లేకపోవడం కారణం కాదు. అమ్మకం బిల్లుకు F8 నొక్కడం అలవాటైన వేళ్లు మొదటి రోజంతా అటే వెళ్తాయి. ‘పాతదే బాగుందండీ’ అన్న మాట ప్రతి టేబుల్ దగ్గరా వినబడుతుంది. అదీ కారణం కాదు. ఇది ముందే రాసిపెట్టుకోకపోతే మధ్యాహ్నం మూడింటికి గొంతు పెద్దగా ఉన్నవాళ్ల మాటే నిర్ణయమవుతుంది.

గడువు దాటి నిలదొక్కుకున్నా టాలీ పని అయిపోదు. ఏప్రిల్ 11లోపు వేయాల్సిన మార్చి జీఎస్టీఆర్-1, 20లోపు వేయాల్సిన 3బీ దాంట్లోంచే వస్తాయి. ఆడిటర్ సర్దుబాట్లు నెలల తర్వాత వస్తాయి. వాటిని టాలీలో మార్చి 31 తేదీతో రాసి, ఆ తేడాను కొత్తదాంట్లో ఏప్రిల్ 1 జర్నల్‌గా వేసి, రెండిటి ట్రయల్ బ్యాలెన్స్ మళ్లీ పోల్చాలి. ఎక్కించిన నిల్వలను చెరిపి మళ్లీ ఎక్కించకూడదు. కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు జాడా నిలిచి ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కంపెనీల చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలు 8 ఏళ్లు భద్రపరచాలి కాబట్టి, పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకునే ఒక కంప్యూటర్, దాని లైసెన్స్, పాస్‌వర్డ్ ఎవరి బాధ్యతో కూడా కటోవర్ ప్రణాళికలోనే పేరుతో సహా రాయాలి.