పరగడుపున సంతకం వద్దు

"అమ్మా, రేపు ఉదయం ఏడున్నరకు రండి. రాత్రి తొమ్మిది తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకండి." షుగర్ మీద జరిగే అధ్యయనాల్లో పాల్గొనేవారికి ఇలాంటి ఫోన్ వస్తుంది. వినడానికి మామూలు అపాయింట్‌మెంటే. కానీ ఆవిడ అప్పటికి సమ్మతి పత్రం చూడనేలేదనుకోండి, అది తప్పు. పరిశోధన కోసం పస్తుండమన్నారంటే ఆ రాత్రే పరిశోధన మొదలైనట్టు. సమ్మతి అంతకన్నా ముందే తీసుకోవాలి.

అందుకే మంచి బృందాలు కొన్ని రోజుల ముందే తెలుగులో ఉన్న పత్రం ఇచ్చి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోమని చెప్పి, ఆ తర్వాతే తేదీ అడుగుతాయి. చదవడం రానివారికి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ఒకరి బదులు ఇంకొకరు సంతకం పెడితే ఏమవుతుందో మనకు తెలుసు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలపై జరిగిన హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో ఎన్నో పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ప్రభుత్వం ఆ అధ్యయనాన్ని ఆపించింది.

ఇక సమయం. "రెండు గంటల పరీక్ష" అంటారు. నిజానికి ఆ రెండు గంటలు 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగినప్పటి నుంచి లెక్క. అంతకుముందు పరగడుపు రక్తం తీయాలి, అరగంట ప్రశ్నలుంటాయి. తాగాక అరగంటకు, గంటకు, రెండు గంటలకు మళ్లీ రక్తం తీస్తారు. మధ్యలో తిరగకూడదు, తినకూడదు. అయ్యాక టిఫిన్ పెట్టి, కళ్లు తిరగడం లేదని చూసుకుని పంపుతారు. ఏడున్నరకు వచ్చినావిడ బయటపడేసరికి పదిన్నర దాటుతుంది. కూలికి వెళ్లే మనిషికి సగం రోజు పోయినట్టే. ఆ మాట ఫోన్‌లోనే చెప్పాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నారా అని కూడా అప్పుడే అడగాలి. పరీక్ష ఉంది కదా అని వాటిని సొంతంగా మానేయకూడదు.

రెండోసారి రక్తం తీశాక ఆవిడ "ఇక చాలు, వెళ్తాను" అంటే? వెళ్లొచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. ఆ ఆసుపత్రిలో ఆమెకు అందే వైద్యం తగ్గకూడదు, దారి ఖర్చులు ఆపకూడదు. సిబ్బంది ఒక్కటే అడగాలి: ఈరోజుకు ఆపుతున్నారా, అధ్యయనం నుంచే తప్పుకుంటున్నారా? ఈ రెండూ వేరు. మొదటిదైతే ఇంకో తేదీ ఇవ్వొచ్చు. రెండోదైతే ఇక ఫోన్ చేయకూడదు.

అప్పటికే ఇచ్చిన రక్తం సంగతి చాలామంది అడగరు, తప్పక అడగాలి. గొట్టం మీద ఆమె కోడ్ ఉన్నంతవరకు వెతికి పారేయగలరు. పేరుకూ కోడ్‌కూ ఉన్న లంకె తెంచేశాక అది ఎవరి రక్తమో ఎవరికీ తెలియదు, వెనక్కి తీయలేరు. అప్పటిదాకా నమోదైన వివరాలను ఉంచుకుంటారా అన్నది పత్రంలోనే రాసి ఉండాలి. రాయకపోతే, సంతకానికి ముందే పత్రంలో ఉన్న ఎథిక్స్ కమిటీ నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.