లాభాల నోటుబుక్కులో ఎన్ని ట్రేడులుంటే నమ్మవచ్చు?

ఈ మధ్య మన జూనియర్ ఒకతను తన షేర్ మార్కెట్ నోటుబుక్కు నాకు చూపించి ఒక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న మనలో ఇంకా చాలామందికి ఉంటుందనిపించి, జవాబును వార్షిక సంచికకే రాస్తున్నాను. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదవనివాళ్లు కూడా భయపడక్కర్లేదు. కూడికలు, భాగహారాలు, ఒక వర్గమూలం వస్తే చాలు.

ఆ నోటుబుక్కులో 25 ట్రేడులున్నాయి. అతని పద్ధతి తేలికైనదే. ఒక సూచన రాగానే కొంటాడు. లాభం 1500 రూపాయలకు చేరితే అమ్మేస్తాడు, నష్టం 1000కి చేరితే స్టాప్‌లాస్‌తో బయటపడతాడు. బ్రోకరేజి, పన్నులు పోగా మిగిలిన లెక్కలే ఇవి. 25లో 14 గెలిచాడు, 11 ఓడాడు. వచ్చింది 21,000, పోయింది 11,000. నికరంగా 10,000 లాభం, అంటే ట్రేడుకు సగటున 400 రూపాయలు. ఇది చూసుకుని పోటీ పరీక్షల కోచింగ్ మానేసి, అమ్మ చేత మహిళా సంఘంలో రెండు లక్షలు అప్పు తీయించి, ఒక లాటుకు బదులు పది లాట్లతో ఆడాలన్నది అతని ఆలోచన. "అన్నా, లెక్క కళ్ల ముందే ఉంది కదా, ఇంకా ఏం చూడాలి?" అని అడిగాడు.

చూడాల్సింది ఒకటుంది. ఏ నైపుణ్యమూ లేని మనిషికి ఇలాంటి నోటుబుక్కు ఎంత తరచుగా వస్తుంది?

దీన్ని హాస్టల్లోనే చేసి చూడవచ్చు. ఒక టిఫిన్ డబ్బాలో పది చీటీలు వేయండి. నాలుగింటిపై ‘ప్లస్ 1500’, ఆరింటిపై ‘మైనస్ 1000’ అని రాయండి. నాలుగు గెలుపులకు 6000 వస్తుంది, ఆరు ఓటములకు 6000 పోతుంది. అంటే ఈ డబ్బాకు తెలివీ లేదు, తెలివితక్కువతనమూ లేదు. ఒక చీటీ తీసి, రాసుకుని, మళ్లీ డబ్బాలో వేసి కలపండి. ఇలా 25 సార్లు తీస్తే ఒక నోటుబుక్కు తయారవుతుంది. సగటున పది గెలుపులు రావాలి. కానీ వంద మంది విద్యార్థులు తలా 25 చీటీలు తీస్తే, వారిలో సుమారు 8 మందికి 14 లేదా అంతకన్నా ఎక్కువ గెలుపులు వస్తాయి. ఇది ద్విపద విభాజనం పట్టికలో చూసుకోవచ్చు. ఆ ఎనిమిది మంది నోటుబుక్కుల్లోనూ కనీసం 10,000 లాభం కనబడుతుంది. వాళ్లు చేసిందల్లా డబ్బాలో చెయ్యి పెట్టడమే.

మన జూనియర్‌కు నైపుణ్యం లేదని దీని అర్థం కాదు. ఉందో లేదో ఈ 25 ట్రేడులు చెప్పలేవు, అంతే. అయితే ఎన్ని చెబుతాయి?

ఇందుకు రెండు సంఖ్యలు కావాలి. ఒకటి సగటు, మన ఉదాహరణలో 400. రెండోది ట్రేడుకూ ట్రేడుకూ మధ్య ఊగిసలాట, దీన్నే ప్రామాణిక విచలనం అంటారు. గెలిచిన ప్రతిసారీ ఫలితం సగటుకు 1100 పైన ఉంది, ఓడిన ప్రతిసారీ 1400 కింద ఉంది. వీటి వర్గాల సగటు తీసి వర్గమూలం కడితే సుమారు 1240 వస్తుంది. ఒక్క ట్రేడులో ఊగిసలాట ఇంత. 25 ట్రేడుల సగటు మాత్రం ఇంతగా ఊగదు, ఎందుకంటే హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొంత సరిచేసుకుంటాయి. ఎంత తగ్గుతుందంటే, ట్రేడుల సంఖ్య వర్గమూలంతో భాగించినంత. 25కు వర్గమూలం 5 కాబట్టి, 1240ని 5తో భాగిస్తే 248. అంటే సగటు 400 అని మనం చెప్పే మాటలో 248 రూపాయల అనిశ్చితి ఉంది. మామూలుగా దానికి రెండింతలు అటూ ఇటూ వదలాలి. అలా వదిలితే అసలు సగటు దాదాపు మైనస్ 100 నుంచి ప్లస్ 900 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఆ హద్దుల మధ్యలో సున్నా కూడా ఉంది.

సున్నా ఆ హద్దుల బయటకు పోవాలంటే సగటు, దాని అనిశ్చితికి కనీసం రెండింతలుండాలి. దీన్నే తిప్పి రాస్తే మనక్కావలసిన సూత్రం వస్తుంది:

అవసరమైన ట్రేడులు = (2 × విచలనం ÷ సగటు)²

అసలు సగటు నిజంగా 400 అయితే ఇది 39కి దగ్గరగా వస్తుంది. పర్వాలేదే అనిపిస్తుంది. కానీ సూత్రం నెత్తిన ఉన్న ఆ వర్గాన్ని గమనించండి. సగటు సగానికి తగ్గితే ట్రేడులు నాలుగింతలు కావాలి. అసలు సగటు 200 అయితే సుమారు 155, 100 అయితే 616. మార్కెట్లో ట్రేడుకు 100 రూపాయల నిలకడైన ఆదాయం చిన్నదేమీ కాదు, దానికి వందలో 44 గెలవాలి. ఏమీ తెలియని డబ్బాయే వందలో 40 గెలుస్తోంది. ఆ నాలుగు గెలుపుల తేడాను పట్టుకోవడానికే 616 ట్రేడులు పడుతున్నాయి. ఖర్చులు తీయకుండా లెక్క రాసేవాళ్లకు ఇంకో మాట. ఆ 100లో 60 రూపాయలు ఖర్చులకు పోయి 40 మిగిలితే, కావలసినవి 3,850 ట్రేడులు.

ఇక్కడ పుస్తకాలు తరచుగా దాటవేసే విషయం ఒకటుంది. పైన చెప్పినన్ని ట్రేడులు చేసినా, నైపుణ్యం నిజంగా ఉన్నవాడికి సైతం ఆ గీత దాటే అవకాశం సగమే. ఎందుకంటే అతని నోటుబుక్కులో కనబడే సగటు, అసలు సగటుకు పైన ఉండవచ్చు, కింద ఉండవచ్చు. నైపుణ్యం ఉన్న అయిదుగురిలో నలుగురైనా బయటపడాలంటే ట్రేడులు రెండింతలు కావాలి. అంటే 616 కాస్తా సుమారు 1,240 అవుతుంది. వారానికి రెండు ట్రేడులు చేసేవాడికి ఇది పన్నెండేళ్ల పని. నన్నడిగితే, చాలామంది ‘నా పద్ధతి పని చేస్తోంది’ అన్నప్పుడు ఈ కాలంలో పదో వంతు కూడా గడిచి ఉండదు. మార్కెట్ పన్నెండేళ్లు ఒకే తీరుగా ఉండదన్నది వేరే సమస్య.

మరి పది లాట్లతో ఆడితే త్వరగా తేలుతుందా? తేలదు. లాట్లు పెంచితే సగటు పదింతలవుతుంది, విచలనమూ పదింతలవుతుంది. సూత్రంలో రెండూ కొట్టుకుపోయి అదే సంఖ్య మిగులుతుంది. పెరిగేది ఊగిసలాట ఒక్కటే. మన చీటీల డబ్బాతో వంద ట్రేడులు చేస్తే, ఒక లాటు మీద 12 వేలు అటో ఇటో పోవడం మామూలు. పది లాట్ల మీద అదే లక్షా ఇరవై వేలు. మరీ అరుదు కాని ఇంకొంచెం దురదృష్టం తోడైతే రెండు లక్షల సంఘం అప్పు మొత్తం పోతుంది. అలా పోగొట్టుకున్న తరువాత కూడా పద్ధతి మంచిదో కాదో తెలియదు. అందుకే ఒక లాటుతోనే లెక్క పెంచుకోమని, కోచింగ్ మానవద్దని అతనికి చెప్పాను.

ట్రేడులు లెక్కపెట్టడంలోనూ జాగ్రత్త కావాలి. ఒకే ఉదయం అయిదు బ్యాంకుల షేర్లు కొంటే అవి అయిదు ట్రేడులు కావు. బ్యాంకులన్నీ సాధారణంగా కలిసే లేస్తాయి, కలిసే పడతాయి. సూత్రం దృష్టిలో అది ఒకటీ అరా ట్రేడు.

ఇంకో సంగతి అతను మాటల్లో మాటగా చెప్పాడు. ఈ పద్ధతి దొరికే ముందు పాత ధరల మీద ఇరవై రకాల పద్ధతులు పరీక్షించాడట. అన్నిటికన్నా బాగున్నది తీసుకున్నాడు. ఒక్క డబ్బాకు 14 గెలుపులు వచ్చే అవకాశం వందలో 8 అనుకున్నాం. ఇరవై డబ్బాల్లో కనీసం ఒకదానికి వచ్చే అవకాశం మాత్రం వందలో 80. ఇలా ఏరుకున్న పద్ధతికి పాత లెక్క సాక్ష్యంగా పనికిరాదు. పద్ధతి ఎంచుకున్న రోజు నుంచి కొత్త పేజీ మొదలుపెట్టి, అక్కడినుంచే ఒకటి, రెండు అని లెక్కించాలి. సలహాదారులు చూపించే గొప్ప నోటుబుక్కులను కూడా ఇలాగే చూడాలి, వాళ్లు చూపించని నోటుబుక్కులెన్నో మనకు తెలియదు కాబట్టి. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మిగిలిన ఏడు శాతంలో నైపుణ్యం ఎందరిది, డబ్బా ఎందరిది అన్నది ఆ శాతం ఒక్కటే చెప్పదు.

చివరగా, ఈ సూత్రం పూర్తిగా మోసపోయే చోటు ఒకటుంది. అది ఆప్షన్లు అమ్మడం. మార్కెట్ నుంచి దూరంగా ఉన్న ఆప్షన్లు అమ్మేవాడికి దాదాపు ప్రతివారం చిన్న లాభం వస్తుంది. వందలో 98 వారాలు 1000 చొప్పున వస్తుందని, రెండు వారాలు మాత్రం 60,000 చొప్పున పోతుందని అనుకోండి. వచ్చేది 98,000, పోయేది 1,20,000. ఖచ్చితంగా నష్టపు వ్యాపారమే. కానీ 50 వారాలు వరుసగా ఒక్క నష్టమూ రాకుండా గడిచే అవకాశం వందలో 36. అలాంటివాడి నోటుబుక్కులో సగటు 1000, విచలనం సున్నా. సూత్రం ప్రకారం ఒకట్రెండు ట్రేడులే చాలునన్నమాట! తప్పు సూత్రానిది కాదు. భారీ నష్టం నోటుబుక్కులోకి ఇంకా రాలేదు కాబట్టి, దాన్ని విచలనం కొలవలేకపోయింది.

ఇలాంటిచోట వేరే లెక్క వాడాలి. ఒక సంఘటన వరుసగా ఎన్ని వారాలు జరగలేదో ఆ సంఖ్యతో మూడును భాగించాలి. ఆ సంఘటనకున్న అవకాశం గరిష్ఠంగా అంత ఉండవచ్చని అనుకోవాలి. 50 వారాలు నష్టం రాకపోతే, దాని అవకాశం ఇంకా నూటికి ఆరు వరకు ఉండవచ్చు. 1000 రాబడికి 60,000 నష్టం ఎదురైతే, నూటికి 1.64 దగ్గరే లాభం కరిగిపోతుంది. అవకాశం అంతకన్నా తక్కువని చెప్పాలంటే నష్టం లేని 183 వారాలు కావాలి, అంటే మూడున్నరేళ్లు. అది కూడా ‘నష్టపు వ్యాపారం కాదు’ అనడానికే సరిపోతుంది. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజులో సుమారు 13 శాతం పడింది, 2024 జూన్ 4న సుమారు 6 శాతం పడింది. ఈ రెంటి మధ్య నాలుగేళ్లకు పైనే ఉంది. వీటి నడుమ మొదలుపెట్టి రెండేళ్లు రాసిన నోటుబుక్కులో అలాంటి రోజు ఒక్కటి కూడా కనబడకపోవచ్చు.