హైలైట్స్‌కు పేరు పెట్టేటప్పుడు

స్థానిక టోర్నీ హైలైట్స్ వీడియోకు శీర్షిక పెట్టేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ మ్యాచ్ గురించి చూసేవారికి ముందుగా ఏమీ తెలియదు. భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్ అంటే జట్లేవో, ఎన్ని ఓవర్లో అందరికీ తెలుసు. ఊరి టోర్నీకి ఆ వెసులుబాటు లేదు. ఎవరెవరు ఆడారు, ఎన్ని ఓవర్లు, ఏ బంతితో, ఎక్కడ అన్న నాలుగింటినీ శీర్షికే చెప్పాలి.

అనుకోవడానికి ఒక మ్యాచ్ తీసుకుందాం. కొత్తపల్లి, రామాపురం జట్ల మధ్య ఎనిమిదేసి ఓవర్ల టెన్నిస్ బాల్ సెమీఫైనల్. మొదట ఆడిన రామాపురం 74/5 చేసింది. కొత్తపల్లి నాలుగు ఓవర్లకు 31/4 దగ్గర చిక్కుల్లో పడి, తర్వాత నిలదొక్కుకుంది. 7.3 ఓవర్లకు 69/6 మీద ఉండగా తర్వాతి బంతికి సిక్స్ పడింది. 7.4 ఓవర్లలో 75/6తో కొత్తపల్లి నాలుగు వికెట్ల తేడాతో గెలిచింది.

దీనికి తప్పుదారి పట్టించే శీర్షిక పెట్టడానికి అబద్ధమే ఆడనక్కర్లేదు. ‘రామాపురం దెబ్బకు కొత్తపల్లి 31/4’ అన్నది జరిగినదే. కానీ చదివినవారు కొత్తపల్లి ఓడిందనుకుంటారు. ‘చివరి బంతికి సిక్స్‌తో గెలుపు’ అన్నదీ అలాంటిదే. మ్యాచ్‌లో పడిన ఆఖరి బంతి అదే అయినా, 7.4 ఓవర్లంటే 46 బంతులు. మొత్తం 48లో ఇంకా రెండు మిగిలే ఉన్నాయి. ‘చివరి బంతి’ అని చదివినవారు 48వ బంతికి తేలిన మ్యాచ్ కోసం ఎదురుచూస్తారు, అది వీడియోలో ఉండదు. 7.4ను ఏడున్నర దాటని దశాంశ సంఖ్యగా చదవడమూ తరచూ జరిగే పొరపాటే. చుక్క తర్వాతి అంకె బంతుల లెక్క.

అందుకే స్కోరు శీర్షికలో పెడితే రెండు జట్లదీ, ఇన్నింగ్స్ ముగిశాక ఉన్నదే పెట్టాలి. అయితే ఇంత హోరాహోరీ మ్యాచ్‌కు అసలు పెట్టకపోవడమే మంచిది. ఫలితం ముందే తెలిస్తే ఎనిమిదో ఓవర్ చూసే ఉత్కంఠ పోతుంది. స్కోరు వివరణలోకి పోవాలి. థంబ్‌నెయిల్ మీద మధ్యలో ఆగిన స్కోరు బోర్డు పెట్టినా శీర్షికలో పెట్టినంత తప్పే.

ఇక పేర్లు. కొత్తపల్లులు, రామాపురాలు రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నాయి. మండలమో, దగ్గరి పట్టణమో చెప్పకపోతే ఏ ఊరి కుర్రాళ్లో తేలదు. జిల్లా పేరుతోనూ జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటిదాకా గుంటూరు జిల్లాలో ఉన్న నరసరావుపేట పల్నాడు జిల్లాకు కేంద్రమైంది. పాత జిల్లా పేరుతో శీర్షిక పెడితే ఆ ఊరివాళ్లకే వింతగా ఉంటుంది.

ఫార్మాట్ దగ్గర ఎక్కువగా దొర్లే తప్పు ‘టీ20’ అనడం. టీ20 అంటే జట్టుకు 20 ఓవర్లు. ఎనిమిది ఓవర్ల ఆటకు ఆ ముద్ర వేస్తే 74 పరుగులు మరీ తక్కువగా కనిపిస్తాయి, నిజానికి అది ఓవర్‌కు తొమ్మిదికి పైగా పరుగులు. బంతి సంగతీ అంతే. టెన్నిస్ బంతితో కొట్టిన సిక్స్‌నూ లెదర్ బంతితో కొట్టిన సిక్స్‌నూ ఆట తెలిసినవారు ఒకే గాటన కట్టరు.

ఇవన్నీ పట్టాలంటే చోటు కావాలి. యూట్యూబ్ శీర్షికకు పరిమితి 100 అక్షరాలు, కానీ తెలుగులో గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. చూపుకు నాలుగు అక్షరాలున్న ‘కొత్తపల్లి’ లెక్కలో పది. పై మ్యాచ్ శీర్షిక ఇలా ఉండవచ్చు:

కొత్తపల్లి వర్సెస్ రామాపురం | సెమీఫైనల్ | 8 ఓవర్లు, టెన్నిస్ బాల్ | కాలేజీ గ్రౌండ్, తెనాలి

ఇదే దాదాపు 90 దాకా వెళ్తుంది. దీనికి ముందు ‘దుమ్ము రేపిన’, ‘ఊచకోత’ లాంటి మాటలు చేర్చితే మైదానం పేరు తెగిపోతుంది. ఫోన్‌లో పొడవాటి శీర్షికల చివర కనిపించదు కాబట్టి జట్ల పేర్లు ముందుండాలి, మైదానం చివరికి రావచ్చు. టోర్నీ పూర్తి పేరు, తేదీ, దాతల పేర్లు వివరణలో మొదటి వరుసకు చాలు.

పెట్టేముందు వీడియోలో ఆఖరి స్కోరు బోర్డును ఒకసారి ఆపి, దాని పక్కన శీర్షిక చదివితే తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది. వీడియో ఎక్కాక తప్పు తెలిసినా మళ్లీ ఎక్కించనక్కర్లేదు. శీర్షికనూ థంబ్‌నెయిల్‌నూ తర్వాత మార్చుకోవచ్చు, అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న లింకు మారదు.