క్లాకు అంచున నొక్కిన బటన్

ఒక కంట్రోలర్ చిప్‌లో క్లాకు 10 నానోసెకన్లకొకసారి కొడుతుంది. దానికి రెండే స్థితులు అనుకుందాం: ‘ఆగు’కు 01, ‘నడు’కు 10. స్టార్ట్ బటన్ నొక్కే మనిషికి మాత్రం ఆ క్లాకుతో ఏ సంబంధమూ లేదు.

బటన్ తీగను నేరుగా ఈ లాజిక్‌కు కలిపితే, సిగ్నల్ రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లకు కాస్త తేడాతో చేరుతుంది. ఆ సందులోనే క్లాకు అంచు పడితే, ఒకటి నొక్కుడును చూస్తుంది, రెండోది చూడదు. ఫలితం 00 కావచ్చు. అది ఏ స్థితీ కాదు కాబట్టి రీసెట్ చేసేదాకా యంత్రం కదలదు. మామూలు సిమ్యులేషన్‌లో ఇది బయటపడదు. బోర్డు మీద ఎప్పుడో ఒకసారి, కారణం తెలియకుండా బిగుసుకుపోవడమే దీని ఆనవాలు.

ఇంకో చిక్కుంది. ఇన్‌పుట్ మారుతుండగా అంచు వస్తే, ఫ్లిప్‌ఫ్లాప్ 0కీ 1కీ మధ్య, గుట్ట కొన మీది బంతిలా కాసేపు నిలిచిపోవచ్చు. ఇదే మెటాస్టెబిలిటీ. చాలామంది ఇంజినీర్లు దీన్ని నమ్మని రోజుల్లో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన చేనీ, మోల్నార్ 1973లో ఆసిలోస్కోప్ ఫొటోలతో దీన్ని చూపించారు.

అందుకే బటన్‌కూ లాజిక్‌కూ మధ్య రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లను వరుసగా పెడతారు. మొదటిది తడబడినా, తేరుకోవడానికి దాదాపు ఒక పూర్తి క్లాకు వ్యవధి దొరుకుతుంది. ఎదురుచూసే కొద్దీ తడబాటు మిగిలే అవకాశం ఘాతీయంగా పడిపోతుంది, కానీ సున్నా కాదు. రెండింటి మధ్య ఏ గేటూ ఉండకూడదు. ఉంటే ఆ వ్యవధి తగ్గుతుంది. లాజిక్ అంతా రెండోదాని అవుట్‌పుట్‌నే చదవాలి. అప్పుడు నొక్కుడు ఒకటి రెండు క్లాకులు ఆలస్యంగా అందినా, రెండు స్థితి బిట్లకూ ఒకే విలువ కనిపిస్తుంది.